ముందు వేణ్ణీళ్లు, తర్వాత కాఫీ

ప్రయాణానికి కాఫీ సామాను కట్టుకుందామనుకున్న వాళ్లు మొట్టమొదట ఫిల్టర్ల కోసం వెతుకుతారు. మడతపెట్టే ఫిల్టరు, గొట్టంలో పోసి ఒత్తే ఏరోప్రెస్, చేత్తో తిప్పే గ్రైండరు, ఇలా బజారులో చాలానే ఉన్నాయి. అవన్నీ మంచివే. కానీ వాటిలో ఏదీ నీళ్లు కాచదు. దారిలో కాఫీ చెడిపోవడానికి చాలాసార్లు పొడి కారణం కాదు, ఫిల్టరూ కారణం కాదు. నీళ్లలో ఉండాల్సిన వేడి లేకపోవడమే కారణం. అందుకే సంచి కట్టేముందు దారి పొడవునా ఎక్కడెక్కడ వేణ్ణీళ్లు దొరుకుతాయి, ఎంత వేడిగా దొరుకుతాయి అన్న లెక్క చూసుకోవాలి. ఆ లెక్క తేలితే ఏ సామాను పెట్టుకోవాలో, ఏది ఇంట్లో వదిలెయ్యాలో దానంతటదే తేలుతుంది.

ఊరికే చెప్పుకోకుండా ఒక దారి పట్టుకుని చూద్దాం. మన వైపు నుంచి చలికాలంలో ఈమధ్య చాలామంది కుర్రాళ్లు, నడివయసు వాళ్లు కూడా వెళ్తున్న కేదార్‌కాంఠా ట్రెక్కు తీసుకుందాం. ఉదయం హైదరాబాదులో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మర్నాడు ఉదయం ఢిల్లీ. అక్కణ్ణుంచి డెహ్రాడూన్, అక్కణ్ణుంచి దాదాపు రోజంతా కొండదారిలో ప్రయాణం చేస్తే ఉత్తరకాశీ జిల్లాలో సాంక్రీ అనే ఊరు. అది సుమారు 1,900 మీటర్ల ఎత్తులో ఉంటుంది. నడక అక్కడ మొదలవుతుంది. నాలుగైదు రోజుల్లో 3,800 మీటర్ల శిఖరం ఎక్కి దిగి వస్తారు. ఈ ఒక్క ప్రయాణంలోనే రెండు కష్టాలూ ఉన్నాయి. రైల్లో నిప్పు రాజెయ్యకూడదు. కొండమీద నిప్పు ఉన్నా నీళ్లు వంద డిగ్రీల దాకా కాగవు.

రైలు సంగతి ముందు. గ్యాస్ డబ్బా, కిరోసిన్, స్పిరిట్ లాంటివి ఏవీ రైల్లోకి తీసుకెళ్లకూడదు. 1989 నాటి రైల్వే చట్టం 164వ సెక్షన్ కింద ప్రమాదకరమైన సరుకు మోసుకెళ్తే మూడేళ్ల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. ట్రెక్కులకు వాడే చిన్న గ్యాస్ క్యానిస్టరు కూడా అందులోకే వస్తుంది. విమానంలోనైతే దాన్ని చేతిసంచిలోనూ పెట్టనివ్వరు, లగేజీలోనూ వెయ్యనివ్వరు. కావాలంటే ట్రెక్కు మొదలయ్యే వైపు, డెహ్రాడూన్‌లోనో మరెక్కడో కొనుక్కోవాల్సిందే.

మరి కరెంటు కెటిల్? దానికీ రైల్వే వాళ్లు ఒప్పుకోరు. బెర్తు పక్కన ఉండే ప్లగ్గు ఫోనుకీ, ల్యాప్‌టాప్‌కీ మాత్రమే. చాలా బోగీల్లో అందులో వచ్చేది 110 వోల్టులు. మన ఇంటి కెటిల్ 230 వోల్టులకు తయారైంది. వోల్టేజీ సగానికి తగ్గితే వేడి సగానికి కాదు, దాదాపు నాలుగో వంతుకి పడిపోతుంది. అంటే 1,500 వాట్ల కెటిల్ అక్కడ 350 వాట్ల దగ్గర మూలుగుతూ ఉంటుంది. నీళ్లు కాగడానికి ఎంతో సేపు పడుతుంది. అంతసేపూ ఫోను చార్జింగ్ కోసం వేసిన సన్నటి వైరింగు మోయకూడని బరువు మోస్తుంది. కదిలే బోగీలో వైరు వేడెక్కి పొగ వస్తే దూకి పారిపోయే దారి ఉండదు. ఈ ఆలోచన పూర్తిగా వదిలెయ్యండి.

ఇక మిగిలేది ఫ్లాస్కు. అందుకే నా మటుకు ఈ సంచిలో డబ్బు పెట్టాల్సిన వస్తువు ఇదొక్కటే. రెండు పొరల మధ్య గాలి తీసేసిన స్టీలు ఫ్లాస్కు, 750 మిల్లీలీటర్లది చాలు. అరలీటరు దానికంటే ఇది వేడిని బాగా నిలుపుతుంది, ఎందుకంటే లోపల నీళ్లు ఎక్కువుంటే అవి చల్లారడానికి ఎక్కువ సేపు పడుతుంది. దాన్ని నింపడంలో ఒక పద్ధతి ఉంది. ముందు మరుగుతున్న నీళ్లు సగం దాకా పోసి మూత పెట్టి ఐదు నిమిషాలు ఉంచాలి. లోపలి స్టీలు వేడెక్కాక ఆ నీళ్లు పారబోసి, మళ్లీ తెర్లుతున్న నీళ్లు మూత అంచు దాకా పొయ్యాలి. ఖాళీ ఉంటే ఆ ఖాళీలో గాలి చేరి వేడి లాగేస్తుంది. మూత తీసిన ప్రతిసారీ కూడా వేడి పోతుంది కాబట్టి, తీసినప్పుడు కావలసినన్ని పోసుకుని వెంటనే బిగించాలి.

మీ ఫ్లాస్కు ఎంత వేడి నిలుపుతుందో డబ్బా మీద రాసిన గంటల్ని బట్టి నమ్మకండి. వేడి అనే మాటకు వాళ్ల కొలత వేరు, కాఫీకి కావలసిన కొలత వేరు. ప్రయాణానికి వారం ముందు ఇంట్లో నింపి పెట్టి, మూడు గంటలకోసారి వంటింటి థర్మామీటరుతో చూసి రాసుకోండి. థర్మామీటరు లేకపోతే పల్చటి స్టీలు గ్లాసులో సగం పోసి ఒట్టి చేత్తో పట్టుకోండి. రెండు మూడు క్షణాలు కూడా పట్టుకోలేకపోతే ఆ నీళ్లు ఇంకా పనికొస్తాయి. హాయిగా పట్టుకోగలిగితే అవి పాలపొడి కలుపుకోవడానికే తప్ప కాఫీ దిగడానికి పనికిరావు.

ఇప్పుడు రైల్లో మొదటి కప్పు చూద్దాం. మనలో చాలామందికి కాఫీ అంటే డికాక్షన్, పాలు, చక్కెర. ఆ రుచే కావాలంటే ఫిల్టరుని రైలెక్కించనక్కర్లేదు. ఇత్తడిదైనా స్టీలుదైనా మన ఫిల్టరు అరగంట కదలకుండా నిలబడాలి, పైన పోసే నీళ్లు తెర్లుతూ ఉండాలి. రైల్లో ఈ రెండూ కుదరవు. ఊగుతుంటే పైగిన్నెలో పొడి ఒక పక్కకి ఒరుగుతుంది, నీళ్లు ఆ సందులోంచి జారిపోతాయి, కిందికి పల్చటి రంగునీళ్లు దిగుతాయి. కాబట్టి డికాక్షన్ ఇంట్లోనే తీసుకుని వెళ్లాలి. రెండు కప్పుల కోసం పాతిక గ్రాముల పొడి వేసి 130 మిల్లీలీటర్ల దాకా నీళ్లు పోస్తే, పొడి తాగేసింది పోగా 80 మిల్లీలీటర్ల చిక్కటి డికాక్షన్ వస్తుంది. దాన్ని బాగా చల్లారనిచ్చి చిన్న సీసాలో మూతదాకా పోసి పెట్టుకోవాలి.

ఇక్కడ చాలామంది చేసే పని, ఆ డికాక్షన్‌ని వేడిగానే ఫ్లాస్కులో పోసి తీసుకెళ్లడం. పాలు కూడా కలిపేసి మరీ పోసేవాళ్లున్నారు. వేడిలో గంటల తరబడి ఉన్న కాఫీ వాసన పోగొట్టుకుని, చేదెక్కి, చివర్లో ఒక పులుపు తేలుతుంది. పాలు కలిపినదైతే వాసన ఇంకా ముందే మారుతుంది, విరిగిపోయే భయం కూడా ఉంది. వేడిగా ఉంచాల్సింది నీళ్లని, చల్లగా ఉంచాల్సింది డికాక్షన్‌ని. రెండూ గ్లాసులోనే కలవాలి. చల్లటి డికాక్షన్ కూడా ఎల్లకాలం నిలవదు. తెల్లవారుజామున తీసింది ఆ సాయంత్రంలోపు అయిపోవాలి. రాత్రికి మిగిలితే మూత తీయగానే పుల్లటి వాసన తెలుస్తుంది, పారబోసెయ్యండి.

పాల విషయంలో పాలపొడే సరైనది. అట్టపెట్టెలో వచ్చే పాలు సీలు తియ్యనంత కాలం బయట ఉన్నా చెడవు, కానీ వాటిని కాచుకునే వీలు రైల్లో లేదు. గది వేడిలో ఉన్న పాలు, గది వేడిలో ఉన్న డికాక్షన్ కలిపితే వచ్చేది చల్లకాఫీయే. పాలపొడికైతే కాచే పని లేదు, దానికి కావలసిన వేడి ఫ్లాస్కులోని నీళ్లే ఇస్తాయి.

కలిపే తీరు ఇలా ఉంటుంది. గ్లాసులో రెండు టేబుల్ స్పూన్ల పాలపొడి, ఒక చెంచా చక్కెర వెయ్యండి. మామూలు మంచినీళ్లు 20 మిల్లీలీటర్లు, అంటే నాలుగు టీ చెంచాలు, పోసి చెంచా వెనకవైపుతో గ్లాసు గోడకి నూరండి. వేణ్ణీళ్లు నేరుగా పోస్తే పొడి పైపొర ఉడికి లోపల పొడిగా ఉండలు కడుతుంది, ఆ ఉండలు ఇక ఎంత తిప్పినా కరగవు. చల్లటి నీళ్లతో నూరితే జారుడుగా, మెరుస్తూ ముద్ద అవుతుంది. అందులో 40 మిల్లీలీటర్ల డికాక్షన్ పోసి కలపండి. చివర్న ఫ్లాస్కు నీళ్లు 70 మిల్లీలీటర్లు. పొద్దున ఐదింటికి నింపిన ఫ్లాస్కులో ఏడున్నరకి నీళ్లు 88 డిగ్రీల దగ్గర ఉన్నాయనుకుంటే, చల్లటివన్నీ కలిశాక గ్లాసులో కాఫీ 60 డిగ్రీల దగ్గర నిలుస్తుంది. నాలుక కాలకుండా వెంటనే తాగగలిగిన వేడి అది.

అదే లెక్క మధ్యాహ్నం మూడింటికి వేసి చూడండి. రైలు నాగ్‌పూర్ ప్రాంతంలో ఉంటుంది. ఫ్లాస్కులో నీళ్లు 70 డిగ్రీలకి దిగాయనుకుందాం. అదే కొలతతో కలిపితే కాఫీ 50 డిగ్రీలకి వస్తుంది. అది గోరువెచ్చన, ఎవరికీ నచ్చదు. కాబట్టి రెండో కప్పుకి ముందు ప్యాంట్రీ నుంచి వేణ్ణీళ్లు తెచ్చుకోవాలి. ప్యాంట్రీ ఉన్న రైళ్లలో అడిగితే ఇస్తారు. భోజనాల వేళ పొయ్యిలన్నీ నిండి ఉంటాయి కాబట్టి ఆ హడావిడి అయ్యాక, రెండున్నర, మూడింటికి వెళ్తే మంచిది. ఫ్లాస్కులో మిగిలిన నీళ్లని అలాగే ఉంచి పైన కొత్తవి పోయించుకోవద్దు, పాతవి కొత్తవాటి వేడిని తినేస్తాయి. పూర్తిగా ఖాళీ చేసి పట్టుకోండి.

రైల్లో వేణ్ణీళ్లు పోసేటప్పుడు గ్లాసు చేతిలో ఉండకూడదు, ఒళ్లో అసలే ఉండకూడదు. కిటికీ పక్క చిన్న బల్ల మీద పెట్టి, సగం కంటే ఎక్కువ నింపకుండా పొయ్యాలి. పెద్ద స్టేషన్ దగ్గరపడుతున్నప్పుడు బండి ఒక పట్టా మీంచి ఇంకో పట్టాకి మారుతుంది, అప్పుడే హఠాత్తుగా పక్కకి లాగుతుంది. ఆ ఐదు నిమిషాలూ ఆగండి. ఎదుటి బెర్తులో చిన్నపిల్లలుంటే బండి స్టేషన్లో ఆగాకే ఫ్లాస్కు మూత తీయండి.

డికాక్షన్ అయిపోయాక, అంటే ఆ రాత్రికీ మర్నాటి పొద్దుటికీ, తర్వాత కొండమీద రోజులన్నిటికీ, పొడి నుంచి అప్పటికప్పుడు కాఫీ దించుకోవాల్సిందే. ఇక్కడే ఫిల్టరు ప్రశ్న వస్తుంది. నా సమాధానం, నానబెట్టి తేర్చుకోవడం. మగ్గులో పొడి వేసి, వేణ్ణీళ్లు పోసి, మూత పెట్టి, కాసేపాగి ఇంకో గ్లాసులోకి వంచుకోవడమే. పై నుంచి పోసి కిందికి దించే పద్ధతుల్లో నీళ్లు పొడి మీద నిలిచే సమయం మన చేతిలో పూర్తిగా ఉండదు, నీళ్ల వేడి తగ్గితే రుచి వెంటనే దెబ్బతింటుంది. నానబెట్టేటప్పుడు వేడి తగ్గిన లోటుని సమయంతో పూడ్చుకోవచ్చు. ఈ ప్రయాణంలో మనకి ఎక్కడా పూర్తి వేడి దొరకదు కాబట్టి ఈ ఒక్క వెసులుబాటు చాలా విలువైనది.

దీనికి పొడి వేరేగా ఆడించాలి. ఇంట్లో వాడే ఫిల్టరు పొడి మెత్తగా ఉంటుంది, అందులో చికోరీ కూడా కలిసి ఉంటుంది. అది డికాక్షన్‌కి బాగుంటుంది గానీ, మగ్గులో నానబెడితే అడుగున బురదలా దిగి వంచేటప్పుడు సగం గ్లాసులోకి వచ్చేస్తుంది. కాగితపు ఫిల్టరులో వేస్తే రంధ్రాలు మూసుకుపోయి నీళ్లు దిగనే దిగవు. అందుకని చికోరీ లేని గింజలు తీసుకుని బొంబాయి రవ్వ పలుకులా ఆడించుకోవాలి. కాఫీ పొడి దుకాణంలో ఫ్రెంచ్ ప్రెస్‌కి ఆడమంటే అర్థమవుతుంది. మన అరకు గింజలు దీనికి చక్కగా సరిపోతాయి. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు లోయ అరబికా, పాలు లేకుండా తాగినా గొంతు పట్టదు. కొండమీద పాలపొడి కలుపుకోవడానికి బద్ధకమేసిన పొద్దుల్లో ఆ గుణం పనికొస్తుంది.

గ్రైండరు తీసుకెళ్లొద్దని నా సలహా. చేత్తో తిప్పేది మంచిదైతే అర కిలో దగ్గర తూగుతుంది. ఎనిమిది పది రోజుల ప్రయాణానికి ఇంట్లో ఆడించిన పొడే చాలు, గాలి తగలకుండా కడితే. కప్పుకి 12 గ్రాముల లెక్కన చిన్న జిప్ కవర్లలో విడివిడిగా పెట్టుకోండి. ఒక్కో కప్పుకి ఒక్కో కవరు తెరుస్తారు కాబట్టి మిగతావాటి వాసన పోదు, పొడి కొలిచే పని కూడా ఉండదు. వేళ్లు కొంకర్లు పోయే చలిలో చెంచాతో పొడి కొలవడం ఎంత కష్టమో అక్కడికి వెళ్లాక తెలుస్తుంది. కవరు మూసేముందు గాలి పూర్తిగా నొక్కెయ్యాలి. 3,800 మీటర్ల ఎత్తులో గాలి ఒత్తిడి సముద్రమట్టం దగ్గరున్న దాంట్లో మూడింట రెండు వంతుల కంటే కాస్త తక్కువే. లోపల గాలి మిగిలితే కవరు ఉబ్బి జిప్ విడిపోతుంది, సంచి నిండా కాఫీ పొడే.

మన లెక్కకి కవర్లెన్ని? వెళ్లేటప్పుడు రైల్లో డికాక్షన్ కప్పులు రెండు పోగా ఒకటి, ట్రెక్కులో పొద్దునా సాయంత్రం కలిపి తొమ్మిది, తిరుగు రైల్లో మూడు, చెయ్యి జారి ఒలికిపోతే ఇంకొకటి. మొత్తం పద్నాలుగు. పొడి 170 గ్రాములు, పాలపొడి 200 గ్రాములు, చక్కెర వంద గ్రాముల పైచిలుకు. డెయిరీ వైట్నర్ అని అమ్మే వాటిలో చక్కెర ముందే కలిసి ఉంటుంది, అది కొంటే చక్కెర తగ్గించుకోవచ్చు. వీటికి మూతున్న స్టీలు మగ్గు ఒకటి, తేలికపాటి గ్లాసు ఒకటి, టీ వడకట్టే చిన్న జాలీ, పొడుగు చెంచా, పిప్పి వేసుకోవడానికి మందపాటి జిప్ కవరు. ఖాళీ ఫ్లాస్కుతో కలిపి కిలోకి అటూ ఇటూ తూగుతుంది. తాగుతున్నకొద్దీ తగ్గుతుంది.

ఇక కొండ. ఎత్తు పెరిగేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది, నీళ్లు తక్కువ వేడికే తెర్లుతాయి. ప్రతి 300 మీటర్లకీ దాదాపు ఒక డిగ్రీ తగ్గుతుందని గుర్తుపెట్టుకుంటే చాలు. సాంక్రీలో నీళ్లు 94 దగ్గర తెర్లుతాయి. 2,700 మీటర్ల ఎత్తున జూదా కా తాలాబ్ గుడారాల దగ్గర 91, శిఖరం మీద 87. అక్కడ ఇంకో పది నిమిషాలు మరిగించినా ఈ అంకె పెరగదు, గ్యాస్ ఖర్చవుతుందంతే. ఇంట్లో కాఫీకి నీళ్లు తెర్లాక అరనిమిషం ఆగి పోసే అలవాటున్నవాళ్లు ఆ అలవాటు ఇక్కడ మానెయ్యాలి. తెర్లుతుండగానే పొయ్యాలి.

తెర్లే వేడి తగ్గడం కంటే పెద్ద నష్టం ఇంకోటుంది. అదెవరూ లెక్కలోకి తీసుకోరు. చలిలో రాత్రంతా బయటున్న మగ్గు సున్నాకి కిందే ఉంటుంది. 120 గ్రాముల స్టీలు మగ్గు మైనస్ ఐదు దగ్గర ఉందనుకోండి. అందులో 87 డిగ్రీల నీళ్లు 150 మిల్లీలీటర్లు పోస్తే, మగ్గు వేడెక్కడానికే ఎనిమిది డిగ్రీలు పోయి, పొడికి తగిలేది 79 మాత్రమే. 79 దగ్గర మొదలై నిమిషనిమిషానికీ చల్లారుతున్న నీళ్లలో పొడి సగమే దిగుతుంది. తాగితే పల్చగా, నాలుక పక్కల్లో పుల్లగా తగులుతుంది. చాలామంది ఆ పులుపుని పొడి పాతబడిందని అనుకుంటారు. పాతబడిన పొడి కాఫీ చప్పగా, అట్టముక్క వాసనతో ఉంటుంది. పుల్లగా, పల్చగా ఉంటే నీళ్ల వేడి చాలలేదని గుర్తు.

దానికి విరుగుడు చిన్నదే. ముందు కాసిని వేణ్ణీళ్లు మగ్గులో పోసి, తిప్పి, ఆ నీళ్లనే గ్లాసులోకి వంచి గ్లాసుని కూడా వెచ్చబెట్టండి. తర్వాత కవరులోని 12 గ్రాముల పొడి మగ్గులో వేసి, 150 మిల్లీలీటర్ల నీళ్లు పోసి, పొడంతా తడిసేలా ఒకసారి కలపండి. మూత పెట్టి మగ్గుని మంకీ క్యాపులోనో ఉన్ని మేజోడులోనో దింపి పక్కన పెట్టండి. ఇంట్లో నాలుగు నిమిషాలు చాలేది, ఇక్కడ ఏడు నిమిషాలివ్వండి. మూత తీస్తే పైన పొడి గట్టిగా తెట్టు కట్టి ఉంటుంది. చెంచాతో ఆ తెట్టుని మెల్లగా రెండు మూడుసార్లు లోపలికి నొక్కితే నురగ విడిపోయి పొడి అడుగుకి దిగడం మొదలవుతుంది. మళ్లీ ఒక నిమిషం ఆగి, గ్లాసు మీద జాలీ పెట్టి, మగ్గుని కదపకుండా నెమ్మదిగా వంచండి. చివరి రెండు చెంచాలు వంచకుండా వదిలెయ్యండి, మడ్డి అంతా అందులోనే ఉంటుంది. గ్రాము పొడి దాదాపు రెండు గ్రాముల నీళ్లు పట్టి ఉంచుకుంటుంది కాబట్టి గ్లాసులోకి 120 మిల్లీలీటర్ల లోపే వస్తుంది. పాలపొడి కావాలంటే గ్లాసులో ముందే నూరి ఉంచుకోవాలి.

వడకట్టడానికి నూలుగుడ్డ వాడొచ్చు కదా అని అడిగేవాళ్లుంటారు. ఇంట్లో గుడ్డ చాలా బాగా పనిచేస్తుంది, మడ్డి చుక్క రానివ్వదు. కానీ గుడ్డని ఉతికి ఆరేసుకోవాలి. రైల్లో అది ఆరదు, మర్నాటికి కాఫీలోని నూనె ముక్కిపోయిన వాసన వస్తుంది. కొండమీదైతే గడ్డకట్టి రేకులా నిలబడుతుంది. జాలీని ఒకసారి విదిలిస్తే చాలు. ఏరోప్రెస్ మీద మోజున్నవాళ్లు పట్టుకెళ్లొచ్చు. అమెరికాలో ఆలన్ ఆడ్లర్ అనే ఆయన 2005లో తెచ్చిన సాధనం అది. దానితో కాఫీ తేటగా వస్తుంది, పిప్పి బిళ్లలా ఊడి పడుతుంది. ఐతే అదొక పావుకిలో బరువు, పైగా గట్టి బల్ల మీద పెట్టి ఒత్తాలి. మంచు మీద, గుడారం నేల మీద ఒత్తేటప్పుడు ఒరిగిందంటే వేణ్ణీళ్లు చేతిమీదే పడతాయి.

ఇన్‌స్టంట్ పొడి మాటేమిటి? రెండు గ్రాముల పొట్లం, పిప్పి లేదు, వేడి తక్కువైనా కరుగుతుంది. బరువొక్కటే లెక్కైతే దాన్ని మించింది లేదు. నాలుగైదు పొట్లాలు సంచి అడుగున వేసుకోవడంలో తప్పులేదు, ఏడు నిమిషాలు ఆగే ఓపిక లేని వేళకి అవి ఆదుకుంటాయి.

గుంపుతో, గైడుతో వెళ్లే ట్రెక్కుల్లో వంట గుడారం ఉంటుంది, పొద్దునే టీ కోసం నీళ్లు కాస్తారు. ముందురోజు రాత్రే వంటవాళ్లతో చెప్పి ఉంచితే మీ మగ్గులో తెర్లే నీళ్లు పోస్తారు, వేరే పొయ్యి అక్కర్లేదు. సొంతంగా వెళ్లేవాళ్లకి గ్యాస్ పొయ్యి తప్పదు. ఐదు డిగ్రీల నీళ్లు పావులీటరు తెర్లించడానికి గాలి లేని చోట నాలుగు గ్రాముల గ్యాస్ పడుతుంది, గాలికి అడ్డు లేకపోతే దానికి రెట్టింపు ఐనా ఆశ్చర్యం లేదు. క్యానిస్టరు కొనేటప్పుడు అందులో ఏ గ్యాస్ ఉందో చదవండి. ఒట్టి బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గరే ఆవిరవడం మానేస్తుంది, డబ్బాలో గ్యాస్ కదులుతున్న చప్పుడు వినిపిస్తున్నా మంట రాదు. ఐసోబ్యూటేన్, ప్రొపేన్ కలిపింది తీసుకుని, రాత్రి స్లీపింగ్ బ్యాగులో పక్కన పెట్టుకు పడుకోవాలి. పొయ్యిని గుడారం లోపల మాత్రం వెలిగించొద్దు. మంట అంటుకునే భయం ఒకటైతే, కంటికి కనపడని కార్బన్ మోనాక్సైడ్ అంతకంటే ప్రమాదం.

శిఖరం ఎక్కే రోజు తెల్లవారకముందే బయల్దేరతారు. పైన గాలికి పొయ్యి నిలవదు, ఆగే సమయం కూడా తక్కువ. ఆ రోజు కాఫీ ఫ్లాస్కు మీదే ఆధారపడుతుంది. బయల్దేరేముందు వంట గుడారంలో ఫ్లాస్కుని వెచ్చబెట్టి నింపుకోండి. శిబిరంలో తెర్లిందే 88 డిగ్రీలకి, నాలుగు గంటలు నడిచి పైకి చేరేసరికి అది ఎనభైకి దిగి ఉంటుంది. కాబట్టి ఆ ఒక్క కప్పుకీ పొడి 15 గ్రాములు కట్టుకుని, ఎనిమిది నిమిషాలు నాననివ్వండి. లేదా ఇన్‌స్టంట్ పొట్లం అప్పుడే తీయండి. 750 నీళ్లంటే ముప్పావు కిలో బరువు, అది ఇద్దరు ముగ్గురు పంచుకుంటేనే మొయ్యడానికి న్యాయం.

పిప్పి మాట. 12 గ్రాముల పొడి తడిసి 36 గ్రాముల పిప్పి అవుతుంది, తొమ్మిది కప్పులకి 300 గ్రాముల పైమాటే. రైల్లో వాష్‌బేసిన్‌లో పోస్తే గొట్టం పూడుకుపోతుంది, తర్వాత వచ్చేవాళ్లందరికీ ఇబ్బంది. కేదార్‌కాంఠా దారి గోవింద్ పశు విహార్ రక్షిత ప్రాంతంలో ఉంది. ఆ చలిలో కాఫీ పిప్పి కూడా కుళ్లదు, మంచు కరిగాక నల్లటి కుప్పలుగా తేలుతుంది. మందపాటి జిప్ కవరులో వేసి, నీళ్లు పిండేసి, కిందికి తెచ్చి సాంక్రీలో చెత్తలో వెయ్యాలి. రాత్రి గడ్డకట్టిన పిప్పి పొద్దున కవరులో రాయిలా కదులుతుంది, కారదు. మోయడం అనుకున్నంత చిరాకు కాదు.

చివరిగా ఒక జాగ్రత్త. దీన్ని అన్నిటికంటే ముఖ్యమని నేననుకుంటాను. రోజూ రెండు మూడు కాఫీలు తాగే అలవాటున్న మనిషికి కాఫీ హఠాత్తుగా ఆగిపోతే, పన్నెండు గంటలు దాటాక ఒక రోజులోపు తలనొప్పి మొదలవుతుంది. బద్ధకం, చికాకు, ఒక్కోసారి కడుపులో తిప్పు కూడా ఉంటాయి. ఎత్తు పడని వాళ్లకి మొదట కనిపించే లక్షణాలు కూడా ఇవే. 3,400 మీటర్ల శిబిరంలో తలపట్టుకు కూర్చున్న మనిషికి ఈ రెంటిలో ఏది వచ్చిందో గైడుకి కూడా వెంటనే తెలియదు. అందుకే కాఫీ అలవాటున్నవాళ్లు ట్రెక్కులో దాన్ని మానెయ్యకుండా ఇంట్లో తాగే వేళకే, ఇంట్లో తాగే కొలతలోనే తాగాలి. అక్కడ కొత్తగా పెంచడమూ మంచిది కాదు, నిద్ర పాడవుతుంది. కాఫీ తాగి, నీళ్లు తాగి, గంట విశ్రాంతి తీసుకున్నాక కూడా తలనొప్పి తగ్గకపోయినా, దానితో వాంతులు వచ్చినా, అడుగు తడబడినా అది కాఫీ సంగతి కాదు. అప్పుడు గైడుకి చెప్పి, రాత్రైనా సరే, కిందికి దిగడం మొదలుపెట్టాలి.